సారు రాలేని సభకు సారు మాట: రెండు నిమిషాల వీడియో, పద్దెనిమిది రోజుల డైరీ

సభకు 16 రోజులు

మర్రిగూడ వైపు మా ఊరి హైస్కూల్లో పూర్వ విద్యార్థులం ఒక సభ పెడుతున్నాం. ముఖ్య వక్త మా బడిలోనే చదివి పళ్ల డాక్టరైన అక్క. నాకంటే రెండు తరగతులు పెద్ద. ఫ్లోరైడ్ నీళ్లు పిల్లల పళ్లను ఏం చేస్తాయో తల్లిదండ్రులకు చెప్పబోతోంది. ఆమెను సభకు పరిచయం చేయాల్సింది మా తెలుగు సారు. ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. వనస్థలిపురంలో కొడుకు ఇంట్లో ఉన్నారు. అంత దూరం కారులో కూర్చోవద్దని డాక్టర్లు చెప్పారు.

వేరే ఎవరితోనైనా చెప్పిద్దామన్నారు కొందరు. అక్క ఒప్పుకోలేదు. "సారు చెప్తేనే చెప్పాలె, లేకపోతే పరిచయమే వద్దు" అంది. వీడియో కాల్ పెడదామంటే బడిలో సిగ్నల్ ఒక్క గీత వస్తుంది, పోతుంది. కాబట్టి ముందే రికార్డ్ చేసి సభలో వేయాలి. నల్గొండలో పెళ్లి వీడియోలు తీసేవాణ్ని కాబట్టి పని నాకు వచ్చింది.

సారు అప్పటికే సొంతంగా ఒకటి తీసి వాట్సాప్‌లో పంపారు. మూడు నిమిషాల నలభై సెకన్లు. బొమ్మ మసకగా ఉంది. వాట్సాప్‌లో వీడియోను మామూలుగా పంపితే అది కుదించి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపితేనే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అది చిన్న సంగతి, సరిచేయొచ్చు. నన్ను బాధపెట్టింది వేరే. అరవై మంది పిల్లల్ని ఒక్క పద్యంతో కూర్చోబెట్టిన మనిషి, "సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు" అంటూ కాగితం చూసి చదువుతున్నారు. కళ్లు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి, మళ్లీ ఎడమకు వస్తున్నాయి. ఆ కదలిక చూడగానే చదువుతున్నారని ఎవరికైనా తెలిసిపోతుంది. తెలిశాక సభలో పక్కవాళ్లతో మాటలు మొదలవుతాయి.

సభకు 13 రోజులు

ఈ రోజు సారు దగ్గరికి వెళ్లాను. కెమెరా తీసుకెళ్లలేదు. చిన్న రికార్డర్ ఒకటి బల్ల మీద పెట్టి, "అక్క గురించి నాకు చెప్పండి సార్" అని అడిగాను. గంటసేపు చెప్పారు. రాసి పంపిన దాంట్లో లేనివన్నీ ఇందులో ఉన్నాయి.

బడి గంట సంగతి చెప్పారు. మా బడిలో గంట అంటే చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. కొట్టే పని అక్కది. ఒకరోజు ఆకలేసి పావుగంట ముందే అన్నం గంట కొట్టేసింది. బడి మొత్తం బయటికి వచ్చాక, సారు గడియారం చూసుకుంటే, "మీ గడియారం లేటు సార్" అందట.

తర్వాత గొంతు తగ్గించి ఇంకొకటి చెప్పారు. పద్యం చదివేటప్పుడు అక్క పుస్తకాన్ని నోటికి అడ్డం పెట్టుకునేది. వినపడట్లేదు, తియ్యమన్నారు. తీసింది గానీ పెదాలు తెరవకుండా చదివింది. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. సారు క్లాసు ముందే అన్నారట: "రేపటి నుంచి పళ్లు తోముకొని రా బిడ్డా." మర్నాటి నుంచి ఆమె పద్యం చదవడం మానేసింది. ఆ మచ్చలు తోమకపోతే వచ్చేవి కావనీ, పళ్లు ఇంకా చిగుళ్ల లోపల తయారవుతున్న వయసులో, ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్ల వల్ల వస్తాయనీ సారుకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

"ఇది చెప్పాల్నా రా? ఆమెకు కష్టం అనిపిస్తదేమో" అన్నారు.

అది నేను తేల్చేది కాదన్నాను. రాత్రి అక్కకు ఫోన్ చేసి రెండూ చెప్పాను. సారు చెప్పిన మూడో సంగతి కూడా చెప్పాను, వాళ్ల నాన్న బొంబాయికి పనికి పోయిన రోజుల గురించి. అక్క కాసేపు మాట్లాడలేదు. "నాయన ముచ్చట వద్దు తమ్ముడూ. అమ్మ ముందు వరుసల కూసుంటది. పళ్ల ముచ్చట మాత్రం సారునే చెప్పమను. నా మాట అక్కన్నించే మొదలుపెడ్త" అంది. రికార్డ్ చేసిన పరిచయంలో ఈ అనుమతి తప్పకుండా తీసుకోవాలి. ఎదురుగా మాట్లాడే మనిషి వక్త ముఖం మారితే అక్కడికక్కడ మాట తిప్పుకుంటాడు. వీడియో తిప్పుకోలేదు.

సభకు 11 రోజులు

మాటలు కూర్చాను. రికార్డర్‌లో ఉన్న సారు మాటల్నే వరుసలో పెట్టాను, నా మాట ఒక్కటీ కలపలేదు. ఆయన రాసిన దాంట్లోంచి చాలా తీసేశాను. అక్క చదివిన కాలేజీలు, పొందిన సర్టిఫికెట్లు ఆహ్వానపత్రంలో ఉన్నాయి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నదీ, పటికా సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరు మీదే నల్గొండ టెక్నిక్ అని పేరొచ్చిందన్నదీ సారు ఇష్టంగా రాసుకున్నారు. అవి అక్క చెప్పాల్సినవి. ముందే చెప్పేస్తే ఆమె చెప్పేటప్పుడు పాతబడతాయి. సారు ఒప్పుకున్నారు, కొంచెం కష్టంగానే.

ఒక మాట మీద మాత్రం చాలాసేపు చర్చ జరిగింది. సారు "మిమ్మల్నందరినీ ఇట్ల చూస్తుంటే సంతోషంగున్నది" అని పెడదామన్నారు. ఎదురుగా ఉన్నట్టు ఉంటుందని ఆయన ఉద్దేశం. నేను వద్దన్నాను. సారు అక్కడ లేరని సభలో అందరికీ తెలుసు. చూస్తున్నానని అబద్ధం ఆడిన క్షణం నుంచి మిగతా మాటల్ని కూడా నమ్మరు. మొదట్లోనే ఒక్కసారి, "మోకాలు కదలనియ్యలే, అందుకే ఇట్ల వచ్చిన" అని నిజం చెప్పేసి, మళ్లీ ఆ ఊసెత్తకుండా నేరుగా వాళ్లతో మాట్లాడితే చాలు.

"నేను కూడ వింటున్న" అన్న మాట మాత్రం చివర్లో కావాలని సారు పట్టుబట్టారు. అది నిజం చేయొచ్చు. వీడియో కాల్‌కు చాలని సిగ్నల్ మామూలు కాల్‌కు సరిపోతుంది. సభ మొదలయ్యే ముందు సారుకు ఫోన్ కలిపి, ఆ ఫోన్ వేదిక ముందు బల్ల మీద పెట్టాలని నిర్ణయించాం. అప్పుడు గానీ ఆ మాటను స్క్రిప్టులో ఉంచలేదు.

ఇంకో నియమం పెట్టుకున్నాను. సభ రోజున మారిపోయే దేన్నీ స్క్రిప్టులో ముట్టుకోకూడదు. పొద్దున, సాయంత్రం, ఎండ, వాన, ముందు మాట్లాడినవాళ్లు, వచ్చిన జనం లెక్క, ఇవేవీ ఉండకూడదు.

సభకు 9 రోజులు

సభ సాయంత్రం అయిదు నుంచి పొద్దున పదిన్నరకు మారింది. పక్క ఊళ్ల వాళ్లకు రాత్రి బస్సుల్లేవు. సారు మొదటి కాగితంలో "ఈ శుభ సాయంకాల వేళ" అని ఉండేది.

పొద్దున అంటే బయట షామియానా కింద ప్రొజెక్టర్ పనికిరాదు, వెలుగులో బొమ్మ కనపడదు. బడిలో రెండు గదుల మధ్య తలుపులు తీస్తే పొడుగు హాలు అవుతుంది. కిటికీలకు జంపఖానాలు కట్టాలి.

ఆ హాలు కొలతలు తీసుకోవడానికి ఊరికి వెళ్లాను. తెర ఎక్కడ, మైకు ఎక్కడ, అక్క కుర్చీ ఎక్కడ అన్నది గీసుకున్నాను. జనం వైపు నుంచి చూస్తే తెరకు ఎడమ పక్కన అక్క కుర్చీ. అక్కడి నుంచి మైకు దాకా మామూలుగా నడిచి చూశాను. లేవడం, చీర సర్దుకోవడం, నడవడం కలిపి పదకొండు సెకన్లు. ఈ అంకె షూటింగ్‌లో కావాలి.

సభకు 7 రోజులు: షూటింగ్

వనస్థలిపురం. పొద్దున తొమ్మిదిన్నర. సారు గదిలో ట్యూబులైటు ఆపేశాను. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబులైటు సెకనుకు నూరుసార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు గానీ కెమెరా 30 ఫ్రేములతో తీస్తే బొమ్మలో చారలు పైకీ కిందికీ పాకుతుంటాయి. 25 ఫ్రేములకు మార్చి, షటర్ 1/50 పెట్టాను. వెలుగు కిటికీ నుంచే తీసుకున్నాను, పక్క నుంచి. ఫ్యాన్, వంటింట్లో ఫ్రిజ్ రెండూ ఆపించాను. ఫ్రిజ్ మళ్లీ వేయడం మరచిపోకూడదని నా కారు తాళంచెవి ఫ్రిజ్‌లోనే పెట్టాను. అది తీసుకోకుండా ఇంటికి పోలేను కదా.

మైకు చొక్కా రెండో గుండీ దగ్గర, గడ్డానికి జానెడు కింద. ఫ్రేము నడుము పైదాకా. ముఖం ఒక్కటే పెడితే ఎనిమిదడుగుల తెర మీద తల మనిషంత అవుతుంది. మాట్లాడే మనిషిలా కాక పోస్టరులా కనిపిస్తుంది. పైగా సారు చేతులు కనపడాలి. ఆయన చేతులతోనే సగం చెబుతారు.

కాగితం లేదు. అయిదు మాటలు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి లెన్సు కిందే అంటించాను: మోకాలు, గంట, పుస్తకం, తోముకొని రా, చెప్పు బిడ్డా. సారు మొదటిసారి చెప్పింది సరిగ్గా రాలేదు. మాటలన్నీ ఉన్నాయి, కానీ గొంతు రేడియో గొంతులా ఉంది. రెండోసారీ అంతే. లెన్సు వైపు చూసి మాట్లాడమంటే ఎవరికైనా కష్టం, అది తిరిగి తలూపదు.

నాతో పాటు అక్క క్లాస్‌మేట్ ఒకాయన వచ్చారు, మా ఊరి అన్న. ఆయన్ని కెమెరా వెనకాల, తల సరిగ్గా లెన్సు పైన కనిపించేట్టు కూర్చోబెట్టాను. "సార్, లెన్సును మరచిపోండి. అన్నకు చెప్పండి" అన్నాను. చూపు లెన్సుకు రెండు వేళ్ల పైన ఉంటుంది, తెర మీద ఆ తేడా ఎవరికీ తెలియదు. అన్నకు ఒక్కటే పని: నవ్వొస్తే నవ్వాలి, చప్పుడు మాత్రం రాకూడదు. మూడోసారి సారు "పిల్లలూ" అని మొదలుపెట్టగానే నాకు అర్థమైంది. అది బడిలో విన్న గొంతు.

తర్వాతిది నవ్వు సమస్య. గంట సంగతికి సభ నవ్వుతుంది. ఎదురుగా ఉన్న మనిషి నవ్వు ఆగేదాకా ఆగుతాడు. వీడియో ఆగదు, నవ్వుల్లో తర్వాతి వాక్యం మునిగిపోతుంది. ఎడిటింగ్‌లో బొమ్మను నిలబెట్టి ఖాళీ పెట్టొచ్చు గానీ కదలని ముఖం చూడగానే మోసం బయటపడుతుంది. నవ్వు రాకపోతే ఆ ఖాళీ మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. నవ్వినా నవ్వకపోయినా సహజంగా ఉండే పని ఒకటి కావాలి. సారు భార్య తనే స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టారు, గొంతు ఎండుతుందని. అదే దారి చూపింది.

"మీ గడియారం లేటు సార్ అన్నది" అని చెప్పి, సారు గ్లాసు అందుకోవాలి, రెండు గుక్కలు తాగాలి, కింద పెట్టాలి. ఆరు సెకన్లు. నీళ్లు తాగే మనిషిని జనం ఓపికగా చూస్తారు. గ్లాసు కింద స్టూలు మీద గుడ్డ పరిచాం, లేకపోతే పెట్టిన చప్పుడు మైకులో టంగున మోగుతుంది.

ఇక ముగింపు. పరిచయమంతా ఒక ఎత్తు, చివరి ఇరవై సెకన్లు ఒక ఎత్తు. సారు మాటలు ఇవి:

"ఆనాడు పుస్తకం అడ్డం తియ్యమని గద్దించిన. తోముకొని రమ్మన్న. తప్పు పళ్లది గాదు, నీళ్లదని నాకు తెల్వదు. ఆమె తెలుసుకున్నది, ఇయ్యాల మనకు చెప్పనీకొచ్చింది. రా బిడ్డా. నేను కూడ వింటున్న. చెప్పు."

"రా బిడ్డా" అన్నప్పుడు చెయ్యి చాచి అక్క కుర్చీ వైపు చూడాలి. తెరకు ఎడమ పక్కన కుర్చీ కాబట్టి కెమెరాకు ఎదురుగా కూర్చున్న సారు కుడిచెయ్యి చాచాలి. ఎడమచెయ్యి చాచి ఉంటే ఆయన అక్కను కాక తలుపును పిలిచినట్టుండేది. సెల్ఫీ కెమెరాతో తీసేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి, కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలోలా తిప్పి దాచుకుంటాయి.

"చెప్పు" అన్నాక కదలకుండా, కానీ బిగుసుకుపోకుండా, అటే చూస్తూ కూర్చోమన్నాను. అక్క నడకకు పదకొండు సెకన్లు, నేను ఇరవై తీశాను. అన్న లేచి మెల్లగా నడుచుకుంటూ పోయారు, సారు చూపు ఆయన వెంట సాగింది. ఆ చూపు చెప్తే వచ్చేది కాదు. నిజంగా ఒక మనిషి నడుస్తుంటేనే వస్తుంది.

చివరగా అందర్నీ మాట్లాడొద్దని చెప్పి ముప్పై సెకన్ల గది నిశ్శబ్దం రికార్డ్ చేసుకున్నాను. కోసిన చోట్ల అది వేస్తే అతుకు వినపడదు. తాళంచెవి ఫ్రిజ్‌లోంచి తీసుకున్నాను, ఫ్రిజ్ వేశాను.

సభకు 5 రోజులు

ఎడిటింగ్‌లో పని తక్కువే. సారు మాట ఒక నిమిషం యాభై సెకన్లు, తర్వాత మౌనంగా చూసే పదిహేను, ఆ తర్వాత నల్ల తెర పది. సారు కొడుకు ముందు పేరు వేసి, వీణ సంగీతం పెట్టమని అడిగారు. పెళ్లి వీడియోలో నేనే పెడతాను. ఇక్కడ వద్దన్నాను. పేరు పడగానే జనం సినిమా చూసే పద్ధతిలోకి పోతారు. "పిల్లలూ" అన్న మాటే మొదట వినపడాలి.

హెడ్‌ఫోన్లో గొంతు గంభీరంగా బాగుంది. అదే మా స్టూడియోలో పెద్ద స్పీకర్ మీద వేస్తే డబ్బాలో మాట్లాడినట్టుంది. మైకు ఛాతీ మీద ఉంది కాబట్టి అడుగు మోత ఎక్కువ. నూరు హెర్ట్జ్ కింద కోసేశాను, మాట తేటపడింది.

సభ నడిపే మాస్టారుకు రెండు వాక్యాలే ఇచ్చాను: "పరిచయం చేయాల్సిన సారు రాలేకపోయారు. మాట పంపారు." ఇప్పుడు మీరొక వీడియో చూస్తారు, సౌండ్ పెట్టండి లాంటివి వద్దని బతిమిలాడాను. స్క్రిప్టు కాగితం మీద రాసి ఆయన జేబులో కూడా పెట్టాను. కరెంటు, లాప్‌టాప్ రెండూ మొండికేస్తే ఆయన చదవాలి.

సభ రోజు

ఎనిమిదింటికే హాలుకు చేరాం. లాప్‌టాప్‌ను హెచ్‌డీఎమ్ఐ తీగతో ప్రొజెక్టర్‌కు కలపగానే శబ్దం కూడా ప్రొజెక్టర్‌లోకి పోయింది, దాని చిన్న స్పీకర్‌లోంచి సారు గొంతు సన్నగా వచ్చింది. బాగున్న వీడియోలు చాలాసార్లు ఇక్కడే పాడవుతాయి. సెట్టింగులో శబ్దం బయటికి పోయే దారిని హెడ్‌ఫోన్ జాక్‌కు మార్చి, అక్కడి నుంచి మైక్‌సెట్‌కు తీగ వేశాం. ఇప్పుడు బుయ్యిమని మోత. లాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే పోయింది. బ్యాటరీ మీదే నడిపించాం.

తర్వాత మాస్టారుతో మైకులో నాలుగు మాటలు మాట్లాడించి, వెంటనే వీడియో వేసి, రెండు గొంతులూ ఒకే ఎత్తులో వచ్చేదాకా సర్దాను. నేను హాలు చివరి బెంచీ మీద కూర్చొని విన్నాను. గొంతు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా రికార్డింగ్ అని చెవి పట్టేస్తుంది. మైకులోంచి వచ్చే స్పీకర్లలోంచే సారు గొంతు కూడా అంతే ఎత్తులో వస్తే, ఇంకొకరు మైకు అందుకున్నట్టే ఉంటుంది.

వీడియో వేసే ఆదేశం ఇది. పేరు తెర మీద పడదు, అయిపోయాక చివరి ఫ్రేము దగ్గర ఆగుతుంది. చివరి ఫ్రేము నల్లది కాబట్టి లాప్‌టాప్ తెర బయటపడదు.

```
vlc --fullscreen --no-video-title-show --play-and-pause saru.mp4
```

పదిన్నరకు మొదలు కావాల్సింది పదకొండుంబావు అయింది. జనం నూటయాభై దాకా. సారుకు ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాను. మాస్టారు రెండు వాక్యాలూ చెప్పి పక్కకు జరిగారు. నేను ఎంటర్ నొక్కాను.

"పిల్లలూ" అనగానే వెనక బెంచీల్లో నలభై దాటిన మనుషులు సర్దుకొని కూర్చున్నారు. గంట సంగతికి నవ్వు వచ్చింది, నేను అనుకున్నదానికంటే పెద్దగా. సారు గ్లాసు ఎత్తారు. మొదటి గుక్కకు నవ్వు ఇంకా పెరిగింది, రెండో గుక్కకు తగ్గింది, గ్లాసు గుడ్డ మీద ఆనేసరికి హాలు నిశ్శబ్దం. "పద్యం చదివేటప్పుడు ఈ బిడ్డ పుస్తకం అడ్డం పెట్టుకునేది" అన్న వాక్యం ఒక్క అక్షరం పోకుండా చివరి బెంచీ దాకా వినపడింది.

"రా బిడ్డా" అని సారు చెయ్యి చాచారు. అక్క వెంటనే లేవలేదు. నా లెక్కలో లేనిది అదొక్కటే. "చెప్పు" అన్నాక కూడా నాలుగు సెకన్లు కూర్చునే ఉంది. సారు తెర మీద నుంచి ఆమె కుర్చీ వైపే చూస్తున్నారు. లేచింది, నడిచింది. మైకు దగ్గరికి చేరి చెయ్యి వేసేసరికి సరిగ్గా తెర నల్లబడింది. పదిహేను సెకన్లకు బదులు పన్నెండే ఉంచి ఉంటే ఖాళీ తెర ముందు నడవాల్సి వచ్చేది.

అక్క మైకు అందుకొని, ముందు బల్ల మీది ఫోన్ వైపు తిరిగి, "వినిపిస్తున్నదా సార్?" అని అడిగింది. ఫోన్‌లోంచి చిన్నగా "ఆఁ" అని వచ్చింది. ముందు వరుసల్లో వాళ్లకే వినపడింది, వాళ్లు వెనక వాళ్లకు చెప్పారు. అక్క నలభై నిమిషాలు మాట్లాడింది. కాల్ మధ్యలో ఒకసారి తెగింది, మళ్లీ కలిపాను.

సభ తర్వాత 2 రోజులు

అక్క అసలు ఫుటేజీ అడిగింది, కోసినది కాదు, మొత్తం. మూడోసారి తీసిన దాంట్లో, "చెప్పు" అన్న తర్వాత, అన్న తలుపు దాటి పోయాక, సారు కెమెరా ఆగిపోయిందనుకొని మెల్లగా అన్న మాట ఒకటి ఉంది. సభకు వేసిన ఫైలులో అది లేదు, పదిహేను సెకన్ల దగ్గరే కోసేశాను. పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలును విడిగా పెట్టి, ఏ నిమిషం దగ్గర ఉందో కాగితం మీద రాసి, ఈ సాయంత్రం అక్క ఇంట్లో ఇచ్చి వచ్చాను.